బూట్లు సొంతం... జాకెట్ అద్దెకు!

ఆదివారం పొద్దున్నే ఆరున్నర. ప్రగతినగర్ అంబీర్ చెరువు పక్కన వాకింగ్ చేసేవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. గట్టు మీద ఓ మూల పదిమంది గుండ్రంగా కూర్చున్నారు. అందరూ ట్రెక్కింగ్ క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లే. ఒకరిద్దరు తప్ప మిగతావాళ్లంతా హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. డిసెంబరులో కేదార్‌కంఠకు వెళ్లాలన్నది వాళ్ల ప్లాను. ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల ఎత్తున్న మంచుకొండ అది. తొలిసారి హిమాలయాలకు వెళ్లే హైదరాబాదీల్లో చాలామంది దాంతోనే మొదలుపెడతారు.

వాళ్లలో ఓ అమ్మాయి ఫోన్ తీసి చూపించింది. బూట్లు, 60 లీటర్ల బ్యాగు, బొచ్చు జాకెట్, చేతికర్రలు, తలకి లైటు... ఆన్‌లైన్ బుట్టలో అన్నీ పెట్టేసింది. మొత్తం పాతికవేల పైచిలుకు. 'ఆర్డర్ నొక్కేయమంటారా అన్నా?' అని అడిగింది.

'ఒక్కటి ఉంచి, మిగతావి తీసెయ్ అమ్మా' అన్నాడు క్లబ్బు లీడరు.

పదిహేనేళ్లుగా కుర్రాళ్లని కొండలెక్కిస్తున్నాడాయన. కొత్తవాళ్ల అటకల మీద ఏముంటాయో ఆయనకు బాగా తెలుసు. ఒక్క ట్రెక్కు కోసం కొని, తర్వాత బయటికి తీయని జాకెట్లు, ట్యాగు కూడా విప్పని చేతికర్రలు! అలాగని అన్నీ అద్దెకు తెచ్చుకోమనీ చెప్పడు. పక్కనున్న కుర్రాడు 'బూట్లు కూడా అద్దెకే తీసుకుంటా సార్, నాలుగు రోజులేగా' అనగానే తల అడ్డంగా ఊపాడు. ఆ అమ్మాయి బుట్టలో ఆయన ఉంచమన్న ఒక్క వస్తువూ అదే మరి.

ఎందుకంటే... బూటు కొన్నాళ్లు వాడాక వేసుకున్నవాళ్ల పాదం ఆకారానికి తిరిగిపోతుంది. లోపలి అట్ట వాళ్ల వేళ్ల దగ్గర పల్లం పడుతుంది, మడమ దగ్గర వాళ్ల నడక తీరుకు ఓ పక్కకి అరుగుతుంది. అద్దె బూటులో మీ పాదం పెట్టడమంటే పాతికమంది నడిచిన గుంటలో పెట్టడమే. సైజు సరిపోయినా మడమ లోపల కొద్దిగా లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇంట్లో నాలుగడుగులు వేస్తే అసలు తెలియదు. రోజుకి ఐదారు గంటలు ఎక్కితే మాత్రం సాయంత్రానికి మడమ మీద పొక్కు లేస్తుంది. మర్నాడు అది చితుకుతుంది. మూడోరోజు తెల్లవారుజామున రెండు మూడింటికి లేచి శిఖరానికి బయల్దేరాల్సిన వేళకి సదరు వ్యక్తి గుడారంలోనే ఉండిపోతాడు. ట్రెక్కు ఫీజు, రైలు టిక్కెట్లు, వారం రోజుల సెలవు... అన్నీ రూపాయి నాణెమంత పొక్కుకు సమర్పయామి!

అందుకే ఆయన లెక్క ప్రకారం, ఒంటికి అంటుకునేవన్నీ సొంతంగా ఉండాలి. బూట్లు, రెండు మూడు జతల ఊలు లేదా సింథటిక్ సాక్సులు, లోపల వేసుకునే థర్మల్స్... ఇవి కొనాల్సిందే. నూలు సాక్సులు మాత్రం వద్దు. చెమట పీల్చుకుని ఆరకుండా ఉంటాయి, తడిసిన చర్మం తొందరగా పొక్కుతుంది. పైన తగిలించుకునేవీ, చేత్తో పట్టుకునేవీ, మంచులో తప్ప మరెక్కడా పనికిరానివీ అద్దెకు.

బూట్లు కొనేటప్పుడు కూడా చిన్న పద్ధతి ఉంది. షాపుకి సాయంత్రం వెళ్లాలి. రోజంతా తిరిగితే పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి, కొండ మీదా అంతే. ట్రెక్కులో వేసుకోబోయే మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్లి, వాటితోనే వేసి చూసుకోవాలి. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు తోసినప్పుడు మడమ వెనక ఓ వేలు పట్టాలి. లేసులు బిగించాక షాపులో మెట్లుంటే ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు, దిగేటప్పుడు బొటనవేలు ముందు గోడకి తగలకూడదు. ఈ రెండోది చాలామంది చూడరు. వేలు తగిలే బూటుతో రెండువేల అడుగులు దిగితే గోరు నల్లబడి, నెలరోజుల తర్వాత ఊడి చేతికొస్తుంది.

'మరి మా అన్నయ్య బూట్లున్నాయి సార్. పెద్ద బ్రాండు. రెండుసార్లే వేసుకున్నాడు, ఏడేళ్లుగా బాక్సులోనే ఉన్నాయి. కొత్తవే అనుకోవచ్చు' అన్నాడు ఇంకో కుర్రాడు.

దానికి లీడరు ఓ కథ చెప్పాడు. క్లబ్బు సభ్యుడొకాయన అచ్చం అలాంటి బూట్లే వేసుకొచ్చాడట. ఎప్పుడో అమెరికాలో కొన్నవి, చూడ్డానికి తళతళలాడుతున్నాయి. రెండో రోజు మంచులో దిగుతుండగా కుడి బూటు అడుగు మొసలి నోరులా తెరుచుకుంది. గంట తిరక్కుండా ఎడమదీ ఊడింది. బ్యాగులో ఉన్న టేపు మొత్తం చుట్టి, దాని మీద తాడు కట్టి, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దింపారు. అదృష్టం బాగుండి ఆరోజు మంచు కురవలేదు.

ఇది ఆ బ్రాండు లోపం కాదు. చాలా ట్రెక్కింగ్ బూట్లలో పాదానికీ, నేలని పట్టే రబ్బరుకీ మధ్య పాలీయురెథేన్ అనే మెత్తటి పొర ఉంటుంది. గాల్లో తేమ తగిలి అది లోలోపలే నెమ్మదిగా విరిగిపోతుంది. వాడినా వాడకపోయినా ఇది జరిగేదే. పైగా బాక్సులో గాలి ఆడకుండా పెడితే ఇంకాస్త తొందరగా పాడవుతుంది. హైదరాబాద్ వానాకాలాలు నాలుగైదు చూసిన బూటును బొటనవేలితో మధ్యపొర మీద గట్టిగా నొక్కి చూడాలి. సన్నటి పగుళ్లు కనిపించినా, పొడి రాలినా, రొట్టెముక్కలా మెత్తగా నలిగినా దాని పని అయిపోయినట్టే. బూటును మధ్యకి వంచినప్పుడు అంచు దగ్గర చీలిక విడితే జిగురు పోయిందని అర్థం. తక్కువ ధర బూట్లలో ఆ పొర స్థానంలో ఈవీఏ అనే వేరే పదార్థం వాడతారు. అది ఇలా పొడిపొడి అవదు, కాకపోతే కాలం గడిచేకొద్దీ గట్టిపడి కుదుపును ఆపడం మానేస్తుంది.

దీన్నిబట్టి అసలు లెక్క ఒకటి తేలుతుంది. 'ఎప్పటికైనా పనికొస్తాయి' అని బూట్లు ఖరీదైనవి కొని దాచుకోవడం దండగ. ఏడాదికో ట్రెక్కు చేసేవాళ్లు మధ్యరకం కొనుక్కుని మిగతా ఏడాదంతా వాటిని వాకింగ్‌కి వాడేసుకోవడమే లాభం.

ఇక జాకెట్. ఇక్కడ లీడరు ఓ కాగితం తీసి లెక్క వేశాడు. మంచులో తట్టుకునే దూది జాకెట్ కొత్తది 3,500 అనుకుందాం. అద్దె రోజుకి వంద. హైదరాబాద్‌లోనే అద్దెకు తీసుకుంటే ఎన్ని రోజులకి కట్టాలి? ఇక్కణ్నుంచి ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ చేరడానికి రైల్లో రెండు రోజులు. అక్కణ్నుంచి సాంక్రీ ఊరికి జీపులో ఓ రోజు. ట్రెక్కు అక్కడే మొదలవుతుంది. కొండ మీద నాలుగు రోజులు. మళ్లీ తిరుగు ప్రయాణం మూడు రోజులు. అంటే పది రోజులు, వెయ్యి రూపాయలు. ఇందులో జాకెట్ ఒంటి మీద ఉండేది నాలుగు రోజులే, మిగతా ఆరు రోజులూ బ్యాగులో నిద్రపోవడానికే అద్దె! అదే జాకెట్ సాంక్రీలో తీసుకుంటే నాలుగు వందలతో సరి.

ఇక్కడ తీసుకునేవాళ్లకి నాలుగో ట్రెక్కుకే కొన్న ఖరీదు దాటిపోతుంది. అక్కడ తీసుకునేవాళ్లకి ఎనిమిదో ట్రెక్కు దాకా అద్దే చవక. ధరలు షాపును బట్టి మారతాయి కాబట్టి ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి. కానీ లెక్క వేసే తీరు మాత్రం ఇదే. కొత్తదాని ధరను రోజు అద్దెతో కాదు, ఒక ట్రెక్కుకి అయ్యే మొత్తం అద్దెతో భాగించాలి. వచ్చిన సంఖ్య చూసుకుని, మంచుకొండలకు నిజంగా అన్నిసార్లు వెళ్తామా అని ఎవరికి వాళ్లు అడుక్కోవాలి. అనంతగిరికీ భువనగిరికీ ఎన్నిసార్లు వెళ్లినా ఆ జాకెట్ తీసే పని లేదు. ప్రగతినగర్ చలికి దాన్ని వేసుకుని పాలప్యాకెట్‌కి వెళ్తే చెమటలు పడతాయి.

'అయితే అన్నీ సాంక్రీలోనే తీసుకుంటే సరిపోతుందిగా అన్నా?' అంది ఆ అమ్మాయి.

అక్కడే తిరకాసుంది. డిసెంబరు చివరి వారంలో ఆ చిన్న ఊళ్లోకి దేశం నలుమూలల నుంచీ జనం దిగుతారు. ఎల్ సైజు అయిపోయి డబుల్ ఎక్సెల్ మాత్రమే మిగిలితే వేసుకుని వెళ్లాల్సిందే. జాకెట్ కాస్త వదులైనా నష్టం లేదు, లోపల ఇంకో స్వెట్టర్ వేసుకోవచ్చు. చేతికర్రలు పొడవు మార్చుకునేవే కాబట్టి వాటికీ సైజు గొడవ లేదు. బూట్ల కిందకి తొడుక్కునే ముళ్ల గొలుసులు, పిక్కలకి కట్టుకునే మంచు తొడుగులు కూడా అక్కడే తీసుకోవచ్చు. విమానంలో వెళ్లేవాళ్లకి ఇంకో సుఖం. కర్రలు, ముళ్లు క్యాబిన్‌లోకి తీసుకెళ్లనివ్వరు కదా, మోసుకెళ్లే బాధే తప్పుతుంది. నడుముకీ వీపుకీ కొలత కుదరాల్సిన పెద్ద బ్యాగు విషయంలో మాత్రం ఆ ఊరిని నమ్ముకోకూడదు. దాన్ని ఇక్కడే, వేసి చూసుకుని తెచ్చుకోవాలి. పది రోజుల అద్దె అయినా సరే.

బ్యాగు లీటర్లని బట్టి సరిపోదు, వీపు పొడవును బట్టి సరిపోతుంది. తల వంచితే మెడ వెనక ఓ ఎముక పొడుచుకొస్తుంది. అక్కణ్నుంచి, రెండు చేతులూ తుంటి ఎముకల మీద పెట్టుకున్నప్పుడు బొటనవేళ్లు కలిసే చోటుదాకా టేపుతో కొలవాలి. అదీ మీ సైజు. అయిదడుగుల అమ్మాయికీ ఆరడుగుల అబ్బాయికీ 60 లీటర్ల బ్యాగే ఇచ్చినా, వీపు పట్టీ ఒకే చోట ఉంటే ఇద్దరిలో ఒకరి భుజాలు పడిపోతాయి. అద్దె షాపుకి వెళ్లేటప్పుడు పది కిలోల బియ్యం సంచి వెంట తీసుకెళ్లమంటాడు లీడరు. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. సంచి అందులో పడేసి, నడుం బెల్టు తుంటి ఎముకల మీదకి వచ్చేలా బిగించి, భుజం పట్టీలు కొద్దిగా వదులు చేయాలి. బరువు భుజాల మీద నుంచి దిగి నడుం మీద కూర్చున్నట్టు తెలియాలి. తెలియకపోతే ఇంకోటి అడగాలి. మోయలేనివాళ్లు పెద్ద బ్యాగును కంచరగాడిద మీదకి ఎక్కించి, నీళ్లూ రెయిన్‌కోటూ పట్టే చిన్న బ్యాగుతో నడవచ్చు. ఆ చిన్న బ్యాగు ఆఫీసుకి ల్యాప్‌టాప్ మోసేదైనా పర్లేదు, ఛాతీ దగ్గర పట్టీ ఉంటే చాలు.

అద్దెకు తెచ్చుకోవడం చిన్నతనం అనుకునేవాళ్లూ ఉంటారు. భువనగిరి రాతి గుట్ట మీద సాధన చేసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ గురుకుల పాఠశాలల పిల్లలు. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ వాళ్లు శిక్షణ పొందారు. అలాంటి సంస్థల్లో తాళ్లూ మంచుగొడ్డళ్లూ దగ్గర్నుంచి పడుకునే స్లీపింగ్ బ్యాగు దాకా స్టోరు నుంచే ఇస్తారు, కోర్సు అయ్యాక లెక్కచూసి వెనక్కి తీసుకుంటారు. కొండలెక్కడం నేర్చుకునేవాళ్లు ఇలా పదిమంది వాడిన సామానుతోనే నేర్చుకుంటారు.

వాడిన సామానే కాబట్టి తీసుకునే ముందు పరీక్షించుకోవాలి. జాకెట్‌ను చుట్ట చుట్టి గట్టిగా అదిమి వదిలేయాలి. రెండు మూడు నిమిషాల్లో మళ్లీ పొంగితే మంచిది. అప్పడంలా అలాగే ఉండిపోతే లోపలి దూది చచ్చిందని లెక్క. చలిని ఆపేది దూది కాదు, దాని మధ్య ఇరుక్కున్న గాలి. పొంగకపోతే గాలి లేదు, గాలి లేకపోతే వెచ్చదనమూ లేదు. ఆ తర్వాత వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే కుట్ల మధ్య ఎక్కడ ఖాళీగా ఉందో తెలుస్తుంది. వాన జాకెట్ మీద గ్లాసుతో నీళ్లు చల్లాలి. బొట్లు బొట్లుగా జారాలి, తడి మరకగా ఇంకిపోకూడదు. తిరగేసి చూస్తే కుట్ల మీద అంటించిన టేపు లేచి ఉండకూడదు. చేతికర్రని పొడవు బిగించి ఒంటి బరువంతా దాని మీద వేయాలి. అది లోపలికి జారిందా, దిగుడులో మిమ్మల్ని పడేసేది అదే. ముళ్ల గొలుసుని మీ సొంత బూటుకి తొడిగి చూడాలి, రబ్బరుని సాగదీసి పగుళ్లున్నాయేమో చూడాలి. జిప్పులన్నీ ఒకసారి లాగి, చిరుగులుంటే షాపువాడి ముందే ఫోన్లో ఫొటో తీసుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు డిపాజిట్ దగ్గర మాటామాటా పెరిగేది ఆ పాత చిరుగు గురించే.

ఇంత విన్నాక వెనక కూర్చున్న ఒకావిడకి అసలు సందేహం వచ్చింది. 'ఎవరెవరో పడుకున్న స్లీపింగ్ బ్యాగుల్లో పడుకోవాలంటే ఎలాగండీ?' కొండ మీద గుడారాలూ స్లీపింగ్ బ్యాగులూ చాలావరకు ట్రెక్కు నడిపేవాళ్లే ఇస్తారు. వాటిని కొనాల్సిన పనిలేదు, కానీ ఆవిడ బెంగలోనూ అర్థముంది. ప్రతి బృందం వెళ్లిపోయాక ఉతకడం అక్కడి చలిలో కుదరదు. దానికో ఉపాయం ఉంది. పలచటి పాత దుప్పటిని నిలువుగా మడిచి, కింద, పక్కన కుట్టేస్తే గొట్టంలాంటి సంచి అవుతుంది. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు. అందులో దూరి, ఆ సంచితో సహా స్లీపింగ్ బ్యాగులో దూరాలి. కుట్టుమిషను ఉన్నవాళ్లకి అరగంట పని. పాత నూలుచీరతో కుట్టించుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. అమ్మ చీర వాసనకి మంచి నిద్ర పట్టిందని చెప్పారట.

అద్దే కాదు, కొనుగోలూ కాదు... అడిగి తెచ్చుకోవడం అనే మూడో దారి కూడా హైటెక్ సిటీ జనానికి బాగానే అందుబాటులో ఉంది. ప్రతి ఆఫీసులోనూ ఆన్‌సైట్ వెళ్లి వచ్చినవాళ్లు పదిమంది ఉంటారు. వాళ్ల బీరువాల్లో అమెరికా చలికి కొన్న జాకెట్లు నాఫ్తలీన్ ఉండల మధ్య మూలుగుతుంటాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు. ఒకటే జాగ్రత్త. ఆఫీసుకి వేసుకెళ్లే పొడవాటి ఊలు కోటు వద్దు. బరువెక్కువ, తడిస్తే ఇంకా బరువు. తొడల మధ్య అడ్డుపడుతూ ఎక్కనివ్వదు.

చివరికి ఆ అమ్మాయి బుట్టలో బూట్లతోపాటు సాక్సులు, థర్మల్స్, తలకి కట్టుకునే లైటు చేరాయి. లైటు విషయంలో లీడరే మనసు మార్చుకున్నాడు. అది చవక, పైగా అద్దె లైటులో బ్యాటరీ ఎంత మిగిలిందో చెప్పేవాళ్లుండరు. పాతికవేలు తొమ్మిది వేల లోపుకి దిగింది. జాకెట్, కర్రలు, ముళ్లు సాంక్రీలో. బ్యాగు వచ్చే శనివారం, బియ్యం సంచితో వెళ్లి.

బూట్లు వచ్చిన రోజు నుంచి రెండు వారాలు ఆఫీసుకి అవే వేసుకెళ్లమన్నాడు. మూడో ఆదివారం అందరూ భువనగిరి కోటకి వస్తున్నారు. 50 కిలోమీటర్ల దూరమే, మెట్లూ ఉన్నాయి, నున్నటి రాయీ ఉంది. పైకి ఒకసారి కాదు, రెండుసార్లు ఎక్కి దిగాలి, బ్యాగులో ఐదు కిలోల బరువుతో. దిగాక బూట్లు విప్పి మడమలు ఆయనకి చూపించాలి. ఎర్రగా కందితే అక్కడ టేపు అంటించి మళ్లీ ప్రయత్నం. పొక్కు లేస్తే ఆ బూట్లని ఎక్స్చేంజ్ చేసుకోవడానికి గడువు దాటిపోయి ఉంటుందని ఒక కుర్రాడు గుర్తుచేశాడు.

'అందుకే, ముందు ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద రోజూ గంటసేపు వేసుకుని మెట్లెక్కి దిగండి. గడువులోపు తేడా తెలిస్తే మార్చుకోవచ్చు. అడుగు మాసిపోతే షాపువాడు తీసుకోడు' అన్నాడు లీడరు. ఆ కుర్రాడు వాళ్ల అపార్ట్‌మెంటులో ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టుకుంటున్నాడు.